సిరంజి నొక్కితే చివరికి రంగు తగ్గుతుందని స్లైడ్, పెరుగుతుందని నా లెక్క. తప్పు ఎక్కడ?

శ్రావణి_బిఎస్సీ

సమతాస్థితి పాఠంలో ఒక స్లైడ్ దగ్గర ఆగిపోయాను. పైన మూడు సిరంజిల బొమ్మలు ఉన్నాయి. మొదటి దాంట్లో గోధుమ రంగు గ్యాస్, రెండో దాంట్లో పిస్టన్ సగానికి నొక్కిన వెంటనే ముదురు గోధుమ, మూడో దాంట్లో కొద్దిసేపటికి లేత రంగు. ఆ మూడోది మొదటి దానికంటే కూడా లేతగా ఉంది. కింద "పీడనం పెరిగితే 2NO2 ⇌ N2O4 కుడివైపుకి జరుగుతుంది, రంగు తగ్గుతుంది" అని ఒకటే వాక్యం. దాని పక్కన ఐసు నీళ్ళలో ఒక ట్యూబు, వేడి నీళ్ళలో ఒక ట్యూబు, ఒకటి దాదాపు రంగు లేకుండా, ఇంకోటి బాగా ముదురుగా.

NO2కి రంగుంది, N2O4కి లేదు, అంతవరకు సరే. నేను ఊరికే ఉండలేక లెక్క వేశాను. 25 డిగ్రీల దగ్గర K 0.15 తీసుకున్నాను (N2O4 విడిపోయే దిశలో రాస్తే). మొత్తం పీడనం 0.5 అట్మాస్ఫియర్‌తో మొదలుపెడితే NO2 0.209, N2O4 0.291 వచ్చాయి. ఘనపరిమాణం సగం చేసి మళ్ళీ సమతాస్థితికి వచ్చాక NO2 0.309 వచ్చింది. అంటే మొదటికంటే ఎక్కువ! రంగు పెరగాలి కదా. మూడుసార్లు చూసుకున్నాను, అదే వస్తోంది. రేపు ఇంటర్నల్ ఉంది, ఒకటే టెన్షన్. స్లైడ్ తప్పా, నా లెక్క తప్పా?

వేణు77

నొక్కితే పీడనం పెరుగుతుంది, పీడనం పెరిగితే K మారుతుంది. మీరు K ని 0.15 గానే ఉంచేశారు, అందుకే తేడా వచ్చింది. కొత్త పీడనానికి కొత్త K తీసుకుని చేసి చూడండి. మోల్స్ తక్కువున్న వైపుకి జరుగుతుందన్న మాట మాత్రం వంద శాతం నిజం, అది లే షాట్లియర్ సూత్రమే.

పాత_మాష్టారు

వేణూ, రెండో మాట సరే, మొదటిది సరికాదు. ఈ మాదిరి తక్కువ పీడనాల్లో K కి పీడనంతో పని లేదు, ఉష్ణోగ్రతతోనే పని. పిస్టన్ నొక్కితే మారేది K కాదు, ఆ క్షణానికి ఉన్న నిష్పత్తి. అది K తో సరిపోలకుండా పోతుంది, కాబట్టి మళ్ళీ సరిపోలేదాకా చర్య ఒకవైపు నడుస్తుంది.

శ్రావణి లెక్కలో తప్పు లేదమ్మా. మధ్యలో ఒక మెట్టు కూడా రాసి చూడు, విషయం నీకే తెలుస్తుంది.

```
K = (NO2)^2 / (N2O4)
ముందు:         0.209, 0.291   ->  0.15
నొక్కిన క్షణం:  0.418, 0.582   ->  0.30
చివరికి:       0.309, 0.636   ->  0.15
```

సగానికి నొక్కగానే రెండూ రెట్టింపయ్యాయి. కానీ పైన వర్గం ఉంది, కింద లేదు. పైన నాలుగు రెట్లు, కింద రెండు రెట్లు, కాబట్టి నిష్పత్తి 0.30 అయింది. లోపల జరిగేది కూడా అచ్చంగా ఇదే. రెండు NO2 లు ఢీకొని జత కట్టడం నాలుగు రెట్లు పెరిగింది, N2O4 తనంతట తాను విడిపోవడం రెండు రెట్లే పెరిగింది. జత కట్టేవి ఎక్కువ, విడిపోయేవి తక్కువ, అందుకే N2O4 వైపు నడిచింది. "వ్యవస్థ మార్పుని ఎదిరిస్తుంది" అని చెబితే గ్యాస్‌కేదో పట్టుదల ఉన్నట్టు అనిపిస్తుంది, నాకా మాట మొదటినుంచీ నచ్చదు. ఢీకొనడాల లెక్క చూస్తే చాలు.

ఇక రంగు సంగతి. NO2 0.418 నుంచి 0.309 కి దిగింది. దిగిందే కానీ మొదటి 0.209 దాకా దిగలేదు. ఎప్పటికీ దిగదు కూడా. సగానికి నొక్కితే వచ్చిన పెరుగుదలలో కొంత భాగమే చర్య తగ్గించగలదు. పూర్తిగా తగ్గించేస్తే NO2 పాతదే ఉండి N2O4 మాత్రం రెట్టింపు దాటుతుంది, అప్పుడు నిష్పత్తి K కంటే కిందికి పోతుంది, అది కుదరదు.

శ్రావణి_బిఎస్సీ

అంటే మూడో బొమ్మ మొదటి దానికంటే ముదురుగా, రెండో దానికంటే లేతగా ఉండాలి, అంతేనా మాష్టారూ? స్లైడ్‌లో మాత్రం మొదటి దానికంటే బాగా లేతగా వేశారు.

ల్యాబ్_సుధ

ఆగండి. నేను డెమో ల్యాబ్‌లో చాలాసార్లు ఈ సిరంజి చేసి చూపించాను. స్లైడ్ పూర్తిగా తప్పు అని నేను అనను. ఎటునుంచి చూస్తున్నారో అడగాలి ముందు.

సిరంజిని పక్కనుంచి చూస్తే, కాంతి దాటే దూరం సిరంజి వెడల్పు, అది నొక్కినా మారదు. అప్పుడు మీ కంటికి కనిపించేది NO2 గాఢత. అది ఒకటిన్నర రెట్లయింది, ముదురే. కానీ సిరంజిని కంటికి ఎదురుగా పెట్టి, చివర నుంచి పొడుగునా చూస్తే, నొక్కాక గ్యాస్ పొడుగు సగమైపోతుంది. గాఢత 0.309, పొడుగు సగం, రెండూ గుణిస్తే 0.155. ముందున్నది 0.209. అంటే మొదటి రంగులో దాదాపు నాలుగింట మూడు వంతులు. అలా చూస్తే నిజంగానే లేతగా కనిపిస్తుంది.

ఇంకో సంగతి. చివర నుంచి చూస్తే నొక్కిన క్షణం 0.418 ని సగం చేస్తే మళ్ళీ 0.209 వస్తుంది, అంటే నొక్కడం వల్ల వచ్చే ముదురు అసలు కనిపించదు, చర్య వల్ల తగ్గినది మాత్రమే కనిపిస్తుంది. అణువుల సంఖ్యనే చూస్తున్నట్టు అన్నమాట. సమతాస్థితి జరగడాన్ని చూపించాలంటే నాకు ఇదే ఎక్కువ నిజాయితీగా అనిపిస్తుంది.

ఆ స్లైడ్‌లో సిరంజిలు అడ్డంగా, పక్కనుంచి చూసినట్టు వేసి ఉంటే, మూడో బొమ్మ రంగు తప్పు.

శ్రావణి_బిఎస్సీ

సుధక్కా, అడ్డంగానే వేశారు. గీసిన బొమ్మ అది, ఫోటో కాదు. అంటే ఎవరో ఒకరు రంగు నింపేటప్పుడు "తగ్గుతుంది" అన్న మాట పట్టుకుని మొదటి దానికంటే తగ్గించేశారు. నాకిప్పుడు అర్థమైంది.

కిరణ్_ప్రాసెస్

అమ్మోనియా గురించే కదా అడుగుతున్నారు? అక్కడ 150 నుంచి 250 అట్మాస్ఫియర్లు వాడతారు, ఉష్ణోగ్రత 400 నుంచి 500 డిగ్రీలు. నిజానికి చల్లగా ఉంచితేనే అమ్మోనియా ఎక్కువ రావాలి, కానీ అప్పుడు చర్య నత్తనడకే, ఇనుము ఉత్ప్రేరకం పెట్టినా సరిపోదు. అందుకే మధ్యే మార్గం. మేం పనిచేసిన చోట పీడనం కొంచెం తగ్గినా ఉత్పత్తిలో వెంటనే తెలిసేది.

శ్రావణి_బిఎస్సీ

కాదండీ, ఇది NO2 సిరంజి గురించి. కానీ ఉష్ణోగ్రత గురించి మీరన్నది పనికొస్తుంది, ఎందుకంటే నా రెండో సందేహం ఆ ట్యూబుల మీదే. వేడి నీళ్ళలో పెట్టిన ట్యూబు మూతి సీల్ చేసి ఉంటుంది. వేడి చేస్తే లోపల పీడనం కూడా పెరుగుతుంది కదా. పీడనం పెరిగితే N2O4 వైపు, ఉష్ణోగ్రత పెరిగితే NO2 వైపు. రెండూ పోట్లాడుకోవాలి. స్లైడ్‌లో మాత్రం ముదురు అయిపోయిందని ఒక్క మాటతో తేల్చేశారు.

వేణు77

ఇక్కడ ఉష్ణోగ్రత ఎక్కువ బలమైనది, పీడనం తక్కువ బలమైనది. అందుకే ఉష్ణోగ్రత గెలుస్తుంది.

పాత_మాష్టారు

అసలు పోటీ లేదు వేణూ, గెలవడానికి.

సిరంజి నొక్కినప్పుడు సమతాస్థితి జరగడానికి కారణం పీడనం అనే అంకె కాదు, ఘనపరిమాణం తగ్గి గాఢతలు పెరగడం. సీల్ చేసిన ట్యూబులో ఘనపరిమాణం మారదు. వేడి చేసినంత మాత్రాన గాఢతలు మారవు, అణువులు వేగంగా తిరుగుతాయి, గోడని గట్టిగా కొడతాయి, అంతే. అక్కడ మారేది K. జత కట్టేటప్పుడు ఒక మోల్ N2O4 కి సుమారు 57 కిలోజౌళ్ళు బయటికి వస్తాయి, కాబట్టి విడగొట్టాలంటే అంత ఇవ్వాలి. వేడి పెరిగే కొద్దీ విడిపోయే వైపు K పెద్దదవుతుంది. 25 డిగ్రీల దగ్గర 0.15 ఉన్నది 60 డిగ్రీల దగ్గర దాదాపు 1.7 అవుతుంది. 35 డిగ్రీలకి పదకొండు రెట్లు! నీ 0.5 అట్మాస్ఫియర్ గ్యాస్‌నే సీల్ చేసి 60 డిగ్రీల నీళ్ళలో పెట్టావనుకో. NO2 0.54, N2O4 0.17 వస్తాయి, మొత్తం 0.71.

ఇప్పుడు చూడు, చర్యే జరగకపోతే వేడి వల్ల పీడనం 0.56 కి మాత్రమే వెళ్ళేది. మిగతా పెరుగుదల అంతా ఒక్కో N2O4 రెండు NO2 లుగా విడిపోయి అణువులు పెరగడం వల్ల వచ్చింది. అంటే ఇక్కడ పీడనం పెరగడం చాలావరకు ఆ జరుగుడుకి ఫలితం, కారణం కాదు. ఫలితాన్ని తెచ్చి కారణం పక్కన నిలబెడితే పోట్లాట కనిపిస్తుంది.

నైట్రోజన్ పరంగా చెప్పాలంటే, మొదట వందలో 26 వంతులు NO2 రూపంలో ఉన్నాయి, 60 డిగ్రీల దగ్గర 61 వంతులు. రంగు ముదరడం అందుకే అంత స్పష్టంగా కనిపిస్తుంది.

శ్రావణి_బిఎస్సీ

ఓహో. "పీడనం పెరిగితే" అని స్లైడ్ అన్నప్పుడు దాన్ని "ఘనపరిమాణం తగ్గిస్తే" అని చదువుకోవాలన్నమాట. అలా అయితే గాఢతలు మారకుండా ట్యూబులోకి ఆర్గాన్ ఎక్కిస్తే పీడనం పెరిగినా ఏమీ జరగదు?

పాత_మాష్టారు

ట్యూబు ఘనపరిమాణం అంతే ఉంచితే ఏమీ జరగదు. అదే పిస్టన్ స్వేచ్ఛగా కదిలేలా ఉంచి ఆర్గాన్ ఎక్కిస్తే గ్యాస్ పరుచుకుంటుంది, గాఢతలు తగ్గుతాయి, అప్పుడు NO2 వైపు జరుగుతుంది. ఈ రెండింటిలో ఏది అడుగుతున్నారో ప్రశ్నలోనే చూసుకోవాలి.

నీలిమేఘం

మా కాలేజీలో ఈ ట్యూబు ఐసులో పెట్టించారు. స్లైడ్‌లో చెప్పినట్టు రంగు పోలేదు, పసుపు మిగిలే ఉంది. మా ట్యూబులో గ్యాస్ చెడిపోయిందని మార్కులు తగ్గించారు. ఇప్పటికీ అది నాకు బాధే.

పాత_మాష్టారు

చెడిపోలేదు. 0 డిగ్రీల దగ్గర K దాదాపు 0.018 కి దిగుతుంది, అయినా సున్నా కాదు కదా. శ్రావణి తీసుకున్నంత గ్యాస్ ఉంటే పదో వంతు దాకా NO2 గానే మిగులుతుంది. NO2 రంగు చాలా గట్టిది, పదో వంతు ఉన్నా కంటికి పసుపుగా తెలుస్తుంది. మీరు చూసింది సరిగ్గా రావాల్సిందే.

ల్యాబ్_సుధ

నీలిమేఘం గారూ, నాకూ అలాగే వచ్చేది. రంగు పూర్తిగా పోవాలని పట్టుబట్టేవాళ్ళు నిజంగా చేసి చూడలేదనుకుంటాను.

శ్రావణీ, నువ్వు 0.5 అట్మాస్ఫియర్ ఎంచుకోవడం అనుకోకుండానే అయినా మంచిదైంది. N2O4 మరిగేది 21 డిగ్రీల దగ్గర. గదిలో 25 డిగ్రీలుంటే, పూర్తి ఒక అట్మాస్ఫియర్ గ్యాస్‌ని సగానికి నొక్కితే లెక్క ప్రకారం మొత్తం 1.9 దాకా రావాలి. కానీ అంతకంటే ముందే అది ద్రవంగా మారడం మొదలవుతుంది. నేను ఒకసారి సిరంజి నిండా స్వచ్ఛమైన గ్యాస్ తీసుకుని గట్టిగా నొక్కితే గోడ మీద గోధుమ రంగు చుక్కలు కనబడ్డాయి. సిరంజి లీక్ అవుతోందని భయపడి ఆపేశాను. తర్వాత అర్థమైంది. అక్కడితో లెక్కంతా మారిపోతుంది, ఎందుకంటే గ్యాస్‌లో N2O4 ఇక పెరగదు. గాలితో కలిపి పలచగా చేస్తే ఈ గొడవ ఉండదు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఫ్యూమ్ హుడ్ లేకుండా ఎవరూ ఇది చేయకండి. NO2 పీల్చిన వెంటనే పెద్దగా ఏమీ అనిపించకపోవచ్చు, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. "బానే ఉన్నాను కదా" అని వెళ్ళిపోవడమే ప్రమాదం.

గణిత_రవి

నాకు ఒకటి నచ్చట్లేదు. సిరంజి నొక్కగానే ముదురు, తర్వాత ఒక సెకనులో లేత. ఆ సెకనులో చర్య జరిగిందని స్లైడ్ అంటోంది. కానీ ఈ చర్యకి అంత సమయం పడుతుందా? రెండు NO2 లు జత కట్టడానికి అడ్డంకేమీ లేదు కదా, ఢీకొంటే చాలు దాదాపు.

పాత_మాష్టారు

రవి గారూ, మంచి చోట వేలు పెట్టారు. పట్టదు. ఈ గ్యాస్‌ని కొంచెం కదిలిస్తే మళ్ళీ సమతాస్థితికి రావడం మైక్రోసెకన్లలో జరుగుతుంది. మామూలు వీడియోలో ఒక ఫ్రేముకి, మరో ఫ్రేముకి మధ్య 30 మిల్లీసెకన్లు పైనే. పిస్టన్ ఎంత వేగంగా నొక్కినా చర్య దానితోపాటే నడిచిపోతుంది. అంటే ఇందాక మనం రాసుకున్న "నొక్కిన క్షణం 0.418" అనేది కాగితం మీదే ఉంటుంది, కంటికి ఎప్పుడూ దొరకదు.

మరి ఆ ముదురు ఏమిటి? నొక్కితే గ్యాస్ వేడెక్కుతుంది. దానికి తోడు జత కట్టేటప్పుడు ఇంకా వేడి వస్తుంది. వేడి గ్యాస్‌లో K పెద్దది, NO2 ఎక్కువ. తర్వాత ఆ వేడి సిరంజి గోడలోకి పోయేదాకా, అంటే ఒకటి రెండు సెకన్లు, రంగు మెల్లగా దిగుతుంది. మనం చూసే ఆ దిగడం చాలావరకు గ్యాస్ చల్లబడడం. అంటే పీడనం బొమ్మ అనుకుని చూసే దాంట్లో ఉష్ణోగ్రత బొమ్మ దాగి ఉంది.

గణిత_రవి

అయితే ఆ డెమో పీడనం గురించి ఏమీ చూపించట్లేదా?

పాత_మాష్టారు

చూపిస్తుంది. చల్లబడ్డాక, మొదటి రంగుని చివరి రంగుతో పోల్చాలి. చర్య జరగకపోతే పక్కనుంచి రెట్టింపు ముదురు కనిపించాలి, ఒకటిన్నర రెట్లే కనిపిస్తుంది. ఆ తేడా పీడనం వల్ల వచ్చింది. మధ్యలో రంగు దిగడాన్ని మాత్రం పీడనం ఖాతాలో వేయకూడదు.

తెలుసుకోవడం తేలికే. పిస్టన్‌ని చాలా మెల్లగా, అరనిమిషం పట్టేలా నొక్కండి. వేడి ఎప్పటికప్పుడు బయటికి పోతుంది. నా మాట నిజమైతే ముదురెక్కి దిగడం ఉండదు, రంగు నేరుగా చివరి ముదురుకి చేరి అక్కడ ఆగుతుంది.

ల్యాబ్_సుధ

మెల్లగా నొక్కినప్పుడు ముదురు తక్కువగా కనిపించడం నేను గమనించాను మాష్టారూ. కానీ అది మొత్తం వేడి వల్లే అని నేను ఒప్పుకోలేను. పిస్టన్ దగ్గర గ్యాస్ ముందు నొక్కుకుని, అవతలి చివర తర్వాత సర్దుకోవడం కూడా ఉంటుంది కదా? గాలి కలిపిన సిరంజిలో NO2 అంతటా సమానంగా కూడా ఉండదు ఒక్కోసారి.

పాత_మాష్టారు

పీడనం సర్దుకోవడం శబ్దం వేగంతో జరుగుతుంది, సిరంజి పొడుగుకి మిల్లీసెకను కూడా పట్టదు. సరిగ్గా కలవకపోవడం మాత్రం ఉండొచ్చు, అది నేను కాదనను. సన్నటి థర్మోకపుల్ లోపల పెట్టి రంగునీ, ఉష్ణోగ్రతనీ కలిపి చూస్తే ఎంత దేనివల్లో విడదీయొచ్చు. ఆ థర్మోకపుల్ కూడా వేడెక్కడానికి కొంత సమయం తీసుకుంటుంది, ఒక సెకను పని కాబట్టి అది కూడా లెక్కలోకి రావాలి.

వేణు77

K విషయంలో నేను తప్పు చెప్పాను, ఒప్పుకుంటున్నాను. కానీ ఇప్పుడు వేగంగా నొక్కితే వేడెక్కి K నిజంగానే పెరుగుతుంది కదా? అంటే నేను చెప్పింది కొంచెం నిజమేనా?

పాత_మాష్టారు

ఆ ఒకటి రెండు సెకన్లు పెరుగుతుంది, అదీ ఉష్ణోగ్రత వల్ల, పీడనం వల్ల కాదు. పైగా పెరిగేది నువ్వు అనుకున్న దిశలో కాదు, NO2 వైపు.

శ్రావణి_బిఎస్సీ

పొద్దున మేడమ్‌ని అడిగాను. మూడో బొమ్మ రంగు గురించి లెక్క చూపిస్తే కాసేపు చూసి, పక్కనుంచి చూసినట్టు గీశాం కాబట్టి మొదటి దానికంటే ముదురుగా ఉండాలని ఒప్పుకున్నారు, మారుస్తామన్నారు. వేడి సంగతి చెబితే మాత్రం "సిలబస్‌లో లేదు, పరీక్షలో పీడనం వల్లే అని రాయి" అన్నారు. రాశాను. కానీ కింద ఒక వాక్యం కూడా చేర్చాను, మెల్లగా నొక్కితే ముదురెక్కి దిగడం కనిపించకపోవచ్చని.

సుధక్కా, మీరు ఈసారి చేసినప్పుడు చివర నుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి రెండు ఫోన్లతో వీడియో తీయగలరా? వేగంగా ఒకసారి, మెల్లగా ఒకసారి.

ల్యాబ్_సుధ

వచ్చే వారం హుడ్ ఖాళీ దొరుకుతుంది. గాలితో కలిపిన గ్యాస్‌తోనే చేస్తాను, చుక్కలు పడకుండా. వెనక తెల్ల కాగితం పెట్టి, రెండు ఫోన్లలోనూ ఆటో ఎక్స్‌పోజర్ తీసేసి తీస్తాను, లేకపోతే రంగు ముదిరినప్పుడు ఫోనే వెలుతురు పెంచేసి తేడాని తినేస్తుంది.